షేర్ పెరిగినా కాల్ ఎందుకు పడింది?

ప్రశ్న: సార్, నాది తిరుపతి. మెడికల్ రెప్‌గా చేస్తున్నాను. ఒక ఐటీ కంపెనీ ఫలితాలు బాగుంటాయనిపించి, ముందు రోజు 1540 కాల్ ఒక లాట్, అంటే 400 షేర్లకు, 28.90 చొప్పున కొన్నాను. అప్పుడు షేర్ 1500, ఎక్స్‌పైరీకి ఇంకా 12 రోజులుంది. నేననుకున్నట్టే ఫలితాలు బాగా వచ్చాయి. మర్నాడు పొద్దున షేర్ 1530కి చేరింది. నా కాల్ మాత్రం 19.65కి పడింది. షేర్ 30 రూపాయలు పెరిగితే నాకు 3,700 నష్టమా? ఎవరైనా ఆడించారా? టైమ్ డికే అని ఫ్రెండ్ అంటున్నాడు, రెండు రోజులకే అంత పోతుందా? డెల్టా, వేగా అంటూ యాప్‌లో ఏవో ఉన్నాయి, అర్థం కాలేదు. రెండు స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ఉంచుకోవాలా, అమ్మేయాలా?

సమాధానం: ఎవరూ ఆడించలేదండీ. మీ అంకెలన్నీ వేసి చూశాను. ఆ పొద్దున 19.65 అన్నది ఆ కాల్‌కు ఉండాల్సిన ధరే. మీ ఫ్రెండ్ చెప్పిన టైమ్ డికే కూడా నిజమే కానీ, మీ నష్టంలో దాని వాటా చిన్నది. అసలు కారణం మీరు పంపిన స్క్రీన్‌షాట్లలోనే ఉంది. మొదటిదానిలో IV అన్న గడిలో 42 ఉంది, రెండోదానిలో అదే గడిలో 24. ఉత్తరంలో షేర్ ధర రాశారు, స్ట్రైక్ అంటే ఆ 1540 రాశారు, ఎక్స్‌పైరీ రాశారు. ఈ అంకె ఊసు మాత్రం ఎత్తలేదు.

మీరు 28.90 పెట్టి కొన్నదేమిటో ముందు చూద్దాం. 1540కి కొనే హక్కు మీ చేతిలో ఉంది, బజార్లో షేర్ 1500కే దొరుకుతోంది. ఆ క్షణాన ఆ హక్కు వాడుకుంటే ఒక్క రూపాయి రాదు. అంటే 28.90లో ప్రతి పైసా రాబోయే పన్నెండు రోజుల్లో షేర్ 1540 దాటొచ్చన్న అవకాశానికి కట్టిందే. ఆ అవకాశం ఎంత పెద్దది అన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత టైమ్ ఉంది, షేర్ ఎంత ఊగుతుంది.

మన చిత్తూరు వైపు తోతాపురి మామిడి రేటు సంగతి మీకు తెలిసిందే. ఒక ఏడు టన్నుకు మంచి ధర, ఇంకో ఏడు కోత కూలీ కూడా గిట్టదు. ఒక వ్యాపారి రైతు దగ్గరికొచ్చి, 'కోతలప్పుడు నాకు ఇష్టమైతే ఈ ధరకు తీసుకుంటా, లేకపోతే ఈ అడ్వాన్సు నీదే' అన్నాడనుకోండి. రేటు ఏటా ఒకేలా ఉండే పంటకైతే రైతు కొద్ది అడ్వాన్సుకే ఒప్పుకుంటాడు. తోతాపురికి ఒప్పుకోడు. రేటు పడితే వ్యాపారి అడ్వాన్సు వదులుకుని వెళ్ళిపోతాడు, పెరిగితే పెరిగినదంతా అతనికే. ఊగులాట ఎంత పెద్దదైతే ఆ హక్కు అంత ఖరీదు.

అంకెల్లో చెప్పాలంటే, 1500 దగ్గరున్న రెండు షేర్లు తీసుకోండి. ఒకటి ఎక్స్‌పైరీకి 1480 అవ్వొచ్చు, 1520 అవ్వొచ్చు, సగానికి సగం అవకాశం. రెండోది 1400 గానీ 1600 గానీ. రెండింటి సగటూ 1500లే. కానీ 1500 కాల్ మొదటిదానిలో 20 ఇస్తుంది లేదా సున్నా ఇస్తుంది, సగటున 10. రెండోదానిలో 100 లేదా సున్నా, సగటున 50. షేర్ ఏ వైపు పోతుందో ఏమీ అనకుండానే కాల్ ధర ఐదింతలయింది. ఒక ధరకు అమ్మే హక్కైన పుట్‌కూ ఇదే లెక్క.

ఈ ఊగులాటనే వొలటిలిటీ అంటారు, ఏడాది లెక్కన శాతంలో చెబుతారు. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించిన ఫార్ములాలో ఆప్షన్ ధరకు కావలసినవి ఐదు: షేర్ ధర, స్ట్రైక్, మిగిలిన టైమ్, వడ్డీ రేటు, వొలటిలిటీ. మొదటి నాలుగూ అందరికీ తెలుసు. ఐదోది రాబోయే రోజులకు సంబంధించినది, అది ఎవరికీ తెలియదు. అందుకే మార్కెట్లో లెక్కను తిరగేస్తారు. ట్రేడవుతున్న ప్రీమియాన్ని, అంటే ఆప్షన్ ధరను తీసుకుని, ఈ ధర రావాలంటే వొలటిలిటీ ఎంతుండాలి అని వెనక్కి లాగుతారు. ఐవీ, అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ, అదే. అది కంపెనీ చెప్పే అంకె కాదు, ఎక్స్ఛేంజ్ పెట్టే అంకె కాదు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి ఎంత ఊపుకు డబ్బు కడుతున్నారో చెప్పే అంకె.

దాన్ని రోజు లెక్కకు మార్చుకోవడం సులువు. ఏడాదిలో దాదాపు 250 ట్రేడింగ్ రోజులు, దాని వర్గమూలం దాదాపు 16. 24ను 16తో భాగిస్తే రోజుకు ఒకటిన్నర శాతం. మీ షేర్‌కు అది 22, 23 రూపాయల కదలిక, మామూలు రోజుల తీరు అది. మీరు కొన్న రోజు ఐవీ 42 ఎందుకుందంటే ఆ పన్నెండు రోజుల్లో ఒక రోజు మామూలు రోజు కాదు, ఫలితాల రోజు. మిగతా రోజులన్నిటికీ 24 చొప్పున తీసేసి, మిగిలిన ఊపంతా ఆ ఒక్క రోజుకే కట్టి చూస్తే 6 శాతం పైగా వస్తుంది. అంటే అటో ఇటో 95 రూపాయల కదలిక ఉండొచ్చన్నంత ధర మార్కెట్ ముందే పెట్టేసింది. వచ్చింది 30 రూపాయలు. దిశ మీరు చెప్పినట్టే ఉంది, కానీ మీరు కొన్నది దిశ ఒక్కటే కాదు, 95 రూపాయల ఊపు కూడా. ఫలితాలు రాగానే ఆ తెలియనితనం తీరిపోయింది, దానికి కట్టిన డబ్బూ ప్రీమియంలోంచి వెళ్ళిపోయింది. ట్రేడర్లు దీన్ని ఐవీ క్రష్ అంటారు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ చెప్పిన టైమ్ సంగతి. టైమ్ డికే అంటే రోజుకింత అని సమానంగా కోసుకుంటూ పోవడం అనుకుంటారు చాలామంది. అలా కాదు. షేర్ రోజువారీ కదలికలు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. ఇవాళ పెరిగింది రేపు తగ్గొచ్చు. అందువల్ల నాలుగింతల టైమ్ ఇస్తే షేర్ తిరగగల దూరం నాలుగింతలు కాదు, రెండింతలే అవుతుంది. ప్రీమియం కూడా టైమ్ వర్గమూలాన్ని పట్టుకునే నడుస్తుంది. 1500 దగ్గరే కదలకుండా కూర్చున్న షేర్, ఐవీ 24, స్ట్రైక్ 1500 అనుకుంటే, 30 రోజులున్నప్పుడు కాల్ దాదాపు 41 రూపాయలు. 20 రోజులకు 33న్నర, 10 రోజులకు 24. మొదటి పది రోజుల్లో ఏడున్నర పోయింది, రెండో పదిలో పది పోయింది, ఆఖరి పది రోజుల్లో మిగిలిన 24 మొత్తం పోతుంది. చివరి ఒక్క రోజుకే ఏడున్నర మిగిలి ఉంటుంది, అది ఆ రోజే కరిగిపోతుంది. స్ట్రైక్ దగ్గర షేర్ తచ్చాడుతుంటే కథ ఇది. స్ట్రైక్ చాలా దూరంగా ఉన్న చవక కాల్‌కైతే ఆఖర్లో కరగడానికి పెద్దగా ఏమీ మిగలదు, అది ముందే కరిగిపోయి ఉంటుంది.

యాప్‌లో కనబడే డెల్టా, వేగా లాంటి గ్రీక్స్ ఇవే విషయాలను రూపాయల్లో చెబుతాయి. ఒక్కొక్కటీ ఒకే ప్రశ్నకు జవాబు: మిగతావన్నీ ఉన్నచోటే ఉండి, ఇదొక్కటి కొంచెం కదిలితే నా ప్రీమియం ఎంత కదులుతుంది? మీరు కొన్న రోజున మీ కాల్‌కు వీటిని వేశాను. వడ్డీకి సంబంధించిన రో ఒకటుంది, పన్నెండు రోజుల కాల్‌కు దాని పని చాలా తక్కువ, వదిలేస్తున్నాను.

డెల్టా 0.38 వచ్చింది. షేర్ రూపాయి పెరిగితే కాల్ 38 పైసలు పెరుగుతుందని. షేర్ 30 పెరిగింది కాబట్టి 11.40 రావాలి. కానీ షేర్ పెరిగేకొద్దీ స్ట్రైక్ దగ్గరవుతుంది, డెల్టా కూడా పెరుగుతుంది. ఆ పెరుగుదలను చెప్పేది గామా. మీ కాల్‌కు అది 0.0033, అంటే షేర్ రూపాయి కదిలితే డెల్టా అంత మారుతుంది. 30 రూపాయల ప్రయాణంలో దీనివల్ల ఇంకో రూపాయిన్నర కలిసొస్తుంది. మొత్తం దాదాపు 12.90 లాభం. మీరు లెక్కేసుకున్నది ఇంతవరకే.

ఒక రోజు గడిస్తే ఎంత కరుగుతుందో చెప్పేది తీటా. మీ కాల్‌కు రోజుకు 1.80. రెండు రోజులు గడిచాయి, 3.60 పోయింది. మీ ఫ్రెండ్ చెప్పింది ఇదీ, ఇంతే. ఇక వేగా. ఐవీ ఒక పాయింట్ మారితే ప్రీమియం ఎంత మారుతుందో చెప్పేది ఇది. మీ కాల్‌కు 1.03. ఒక పాయింట్‌కు రూపాయే కదా అనిపిస్తుంది, కానీ మీ ఐవీ కదిలింది పద్ధెనిమిది పాయింట్లు. దాదాపు 18.60 అక్కడ పోయింది. 28.90కి 12.90 కలిపి, 3.60 తీసి, 18.60 తీయండి. 19.60 వస్తుంది. మీ స్క్రీన్‌షాట్‌లో 19.65 ఉంది. మీకు పోయిన 3,700లో ఎవరో కొట్టేసిన ముక్క ఎక్కడా లేదు.

ఈ లెక్క ఇంత చక్కగా కుదిరిందని గ్రీక్స్‌ను మరీ నమ్మేయకండి. అవి ఆ క్షణానికి పనికొచ్చే అంకెలు. షేర్ కదిలినా, రోజు మారినా, ఐవీ మారినా అవీ మారిపోతాయి. ఎక్స్‌పైరీకి ఒకటి రెండు రోజుల ముందు, షేర్ స్ట్రైక్ దగ్గరే ఉంటే గామా ఎంత పెరుగుతుందంటే, పొద్దున 0.5 ఉన్న డెల్టా మధ్యాహ్నానికి 0.9 అయినా కావచ్చు, 0.1 అయినా కావచ్చు. అప్పుడు పొద్దున చూసిన అంకెతో సాయంత్రం లెక్క వేస్తే తప్పుతుంది.

తీటాలో ఇంకో మెలిక ఉంది, ఫలితాల ముందు కొనేవాళ్ళు ఎక్కువమంది దీంట్లోనే పడతారు. యాప్ చూపే తీటా, ఊపు అన్ని రోజులకూ సమానంగా పంచి ఉందనుకుని వేసినది. నిజానికి మీ విషయంలో అది ఒక్క రోజు దగ్గర పోగుపడి ఉంది. అందుకే ఫలితాలు దగ్గరపడేకొద్దీ మామూలు రోజులు తగ్గుతూ, ఆ ఒక్క రోజు బరువు పెరుగుతూ, ఐవీ పైకి పాకుతుంది. ఎనిమిది రోజుల ముందు ఇదే లెక్కన మీ ఐవీ 36 దగ్గర ఉండి ఉంటుంది. తీటా కోసేదాన్ని ఈ పెరుగుదల చాలావరకు పూడ్చేస్తుంది. చూసేవాళ్ళకు 'ప్రీమియం కరగడమే లేదే' అనిపిస్తుంది. తర్వాత ఫలితాల మర్నాడు 9:15కి మార్కెట్ తెరవగానే అంతా ఒకేసారి దిగుతుంది. మెల్లగా కరిగే టైమ్‌లో బయటపడదాం అనుకునే వీలు అక్కడ ఉండదు.

ఐవీ మామూలుగా ఉందా, ఫలితాల కోసం ఉబ్బిందా అని ముందే పట్టుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అన్ని స్ట్రైక్‌ల ధరలూ చూపే ఆప్షన్ చైన్‌లో ఈ నెల ఎక్స్‌పైరీ పక్కన వచ్చే నెలది కూడా తెరవండి. ఒకే షేర్, దగ్గరి స్ట్రైక్. వచ్చే నెల ఎక్స్‌పైరీకి 40 రోజులుంటే, ఫలితాల రోజు ఊపు ఆ నలభైలో పలచబడిపోతుంది కాబట్టి దాని ఐవీ 30, 31 దగ్గర కనబడి ఉండేది. ఈ నెల 42, వచ్చే నెల 31. ఆ తేడా చూస్తేనే దగ్గర్లో ఏదో ఉందని, దానికి మీ దగ్గర డబ్బు వసూలు చేస్తున్నారని తెలుస్తుంది. ఎంత వసూలు చేస్తున్నారో చూడాలంటే 1500 కాల్, 1500 పుట్ ధరలు కలపండి. మీరు కొన్న రోజు ఆ రెండూ కలిపి 91 రూపాయల దగ్గర ఉండేవి, షేర్ ధరలో 6 శాతం. ఇందులో మిగతా రోజుల ఊపు కూడా కలిసి ఉంటుంది, అయినా అంచనాకు చాలు. మీ మనసులో షేర్ రెండు మూడు శాతం పెరుగుతుందని ఉంటే, 6 శాతం ఊపు ధర కట్టి దాన్ని కొనడం గిట్టే బేరం కాదు. మర్నాడు పొద్దున మీకు అసలు రావాలన్నా షేర్ 1,549 దాకా పోవాల్సి ఉండింది.

పెరుగుతుందన్న నమ్మకం నిజంగా ఉంటే దారి లేకపోలేదు. 1540 కాల్ కొంటూ, అదే ఎక్స్‌పైరీ 1600 కాల్‌ను అమ్మి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. రెండిటికీ అదే ఐవీ అనుకుంటే 1600 కాల్‌కు 13 రూపాయలు వచ్చేవి, మీ ఖర్చు 15.90కి తగ్గేది. మర్నాడు 1540 కాల్ 19.65కి పడినా, మీరు అమ్మిన 1600 కాల్ కూడా 4 రూపాయలకు పడేది. తేడా 15.65. ఐవీ పద్ధెనిమిది పాయింట్లు పడినా పోయేది లాట్‌కు దాదాపు వంద రూపాయలే. కొన్నదాని వేగా, అమ్మినదాని వేగా ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకున్నాయన్నమాట. ఉచితంగా ఏం రాదు. షేర్ 1700కి పోయినా మీకొచ్చేది 60 మించదు, అమ్మిన కాల్‌కు అదనంగా మార్జిన్, అంటే పూచీగా ఉంచే డబ్బు, కట్టాలి, రెండు వైపులా బ్రోకరేజీ, పన్నులు పడతాయి. పైగా నిజం మార్కెట్లో ఒక్కో స్ట్రైక్‌కు ఐవీ కాస్త వేరుగా ఉంటుంది, అంకెలు ఇంత నున్నగా రావు.

ఇది చదివి 'అయితే ఫలితాల ముందు అమ్మేవాళ్ళదే రాజ్యం' అనుకోవద్దు. మీకు 28.90కి ఆ కాల్ అమ్మినతను, అదే పొద్దున షేర్ 8 శాతం పెరిగి 1620 దగ్గర తెరుచుకుని ఉంటే, ఐవీ 24కి పడినా సరే, 83 రూపాయలకు తిరిగి కొనుక్కోవాల్సి వచ్చేది. లాట్‌కు 21 వేలకు పైగా నష్టం. ఐవీ క్రష్ అమ్మినవాణ్ణి కాపాడేది కదలిక చిన్నదైనప్పుడే.

ఉంచాలా, అమ్మాలా అని అడిగారు. ఈ సమాధానం మీకు చేరేసరికి ఆ ఎక్స్‌పైరీ దాటిపోయి ఉంటుంది కాబట్టి లెక్క ఎలా చూడాలో చెబుతాను. 28.90ని పక్కన పెట్టేయండి, అది మార్కెట్‌కు తెలియదు, పట్టదు. ఆ పొద్దున మీ చేతిలో ఉన్నది 19.65 విలువైన పది రోజుల కాల్. దాని డెల్టా 0.44, తీటా రోజుకు 1.20. అంటే షేర్ రోజుకు కనీసం 2.70 పెరుగుతూ ఉంటే తప్ప మీరు ఉన్నచోట కూడా ఉండరు, రోజులు గడిచేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌పైరీ దాకా ఉంచితే 19.65 వెనక్కి రావడానికి షేర్ 1,560 దగ్గర ముగియాలి. ఐవీ 24 ప్రకారం అలా జరిగే అవకాశం పదికి మూడు. ఫలితాల మర్నాడు మీ దగ్గర ఆ కాల్ లేకపోతే, ఈ లెక్క చూసి 7,860 పెట్టి కొత్తగా కొనేవారా? కొనేవారైతే ఉంచుకోవడంలో తప్పులేదు. లేదంటే అమ్మేయడమే. అమ్మేటప్పుడు తెరిచిన మొదటి నిమిషాల్లో మార్కెట్ ఆర్డర్ వేయకండి. షేర్ ఆప్షన్లలో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య అప్పుడు రెండు మూడు రూపాయల సందు ఉండొచ్చు, 400తో గుణిస్తే అదే వెయ్యి రూపాయలు. లిమిట్ ఆర్డర్ పెట్టి కాసేపు ఆగండి.

ఉంచుకునే ఉద్దేశముంటే ఇంకో సంగతి. షేర్ ఆప్షన్లు మన దగ్గర డెలివరీతో సెటిల్ అవుతాయి. ఎక్స్‌పైరీ రోజు షేర్ 1540 పైన ముగిసి, మీ కాల్ అమ్మకుండా ఉంటే, 400 షేర్లూ 1540 చొప్పున మీరు తీసుకోవాలి, అంటే 6,16,000 రూపాయలు. అందుకే లాభంలో పడే కాల్స్ మీద ఆఖరి నాలుగు రోజులూ మెట్టుమెట్టుగా మార్జిన్ పెంచుకుంటూ పోతారు. అంత డబ్బు ఖాతాలో లేకపోతే బ్రోకరే మీ పొజిషన్‌ను తనకు వీలైన ధరకు అమ్మేయొచ్చు. కాబట్టి అలాంటి కాల్‌ను ఆఖరి వారం మొదలయ్యే ముందే మీ చేత్తో మీరు అమ్ముకోవడం మంచిది.